సగటు రాబడి 14 శాతమైతే అసలు ఎందుకు తగ్గింది?

చంద్రగిరి: మా నాన్నగారు 2007 చివర్లో సెన్సెక్స్‌ను అనుసరించే ఫండులో లక్ష రూపాయలు పెట్టి, 2009 చివరి దాకా కదిలించలేదు. రెండేళ్ల సగటు రాబడి 14 శాతమని ఏజెంటు కాగితం మీద వేసి చూపించారు. మిగిలింది మాత్రం సుమారు 86 వేలు. ఎవరి లెక్క తప్పు?

లెక్కల టీచరు, తిరుపతి: రెండు అంకెలూ సరైనవే. సెన్సెక్స్ 2007 చివర 20,287 వద్ద, 2008 చివర 9,647 వద్ద, 2009 చివర 17,465 వద్ద ముగిసింది. మొదటి ఏడాది 52.4 శాతం పోయింది, మరుసటి ఏడాది 81 శాతం వచ్చింది, రెండింటినీ కలిపి సగం చేస్తే 14.3. అయితే ఆ 81 శాతం లక్ష మీద కాక, మిగిలిన 47,550 మీద వచ్చింది గనుక పెరిగింది 38,500 మాత్రమే. డివిడెండ్లను పక్కనపెడితే, ఇది ఏటా 7.2 శాతం చొప్పున తరిగినట్టు.

పాకాల: లాభం వచ్చిన ఏడాది ముందు వచ్చి ఉంటే ఈ నష్టం ఉండేది కాదు.

లెక్కల టీచరు, తిరుపతి: ఉండేదండీ. లక్ష 1,81,000 అయ్యాక 52.4 శాతం తీసేసి చూడండి, అదే 86 వేలు వస్తుంది. మధ్యలో డబ్బు వేసినా తీసినా మాత్రమే వరుస ముఖ్యమవుతుంది.

దామలచెరువు మండీ: సగటును తప్పుపట్టడం నాకు నచ్చలేదు. తోతాపురి ధర పడిపోయిన ఏడాది నిండా మునిగాను, లేచిన ఏడాది తేరుకున్నాను, ఇరవై ఏళ్లుగా సగటు చూసుకునే వ్యాపారం చేస్తున్నాను. పుస్తకాల లెక్క మాకు చెప్పకండి.

పీలేరు: నేనూ ఫండ్ల ఏజెంటునే. ఘోరమైన రెండేళ్లను ఏరి తెచ్చి, సగటు చెప్పినవారందరినీ మోసగాళ్లుగా చూపడం అన్యాయం.

లెక్కల టీచరు, తిరుపతి: ఆ రెండేళ్లు అసాధారణమని ఒప్పుకుంటాను. ఏటా ఒడిదుడుకులు 20 శాతం మేర ఉంటే సగటులోంచి సుమారు 2 పాయింట్లే పోతాయి, 40 అయితే సుమారు 8 పోతాయి. ఊపు రెట్టింపైతే కోత నాలుగింతలవుతుంది కాబట్టే, ఊపు చెప్పకుండా సగటొక్కటే చూపడం నాకు అభ్యంతరం.

మండీ అన్నా, మీ సగటు మీకు నిజమే, ఎందుకంటే మీరు ప్రతి సీజనుకూ అదే పెట్టుబడితో దిగుతారు. ఆ ఫండులో కూడా 2008 చివర పోయిన 52,400 జేబులోంచి పూడ్చి మళ్లీ లక్ష చేసి ఉంటే, మరుసటి ఏడాది 81,000 వచ్చి, నికరంగా 28,600 మిగిలేది. ఏడాదికి 14.3 శాతమంటే అదే.

దామలచెరువు మండీ: పూడ్చడానికి నేను తెచ్చింది అప్పు. దాని వడ్డీ మీ 28,600లో ఎక్కడుంది?

పీలేరు: వడ్డీ సంగతి వేరు. సగటు అబద్ధం కాదని టీచరుగారే ఒప్పుకున్నారు.

చంద్రగిరి: అబద్ధమని నేనూ అనలేదండీ. మధ్యలో 52 వేలు తెచ్చి వేస్తేనే ఆ 14 శాతమని ఏజెంటు ఆ రోజు చెప్పలేదు, మా నాన్నగారి దగ్గర ఆ డబ్బూ లేదు.