అప్‌డేట్: చివరి పాటలో గరగర తగ్గింది

నా ప్రశ్న: "రికార్డు మొదట్లో బాగుంటుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 'స', 'ష' శబ్దాలు చీలిపోతున్నాయి. ఆర్మ్ డయల్ మీద సూది మోపే బరువు 2 గ్రాములే ఉంది. సూది అరిగిందా?"

సూది బాగానే ఉంది, తప్పు నాదే. ఆర్మ్‌ను గాలిలో తేలేలా బ్యాలెన్స్ చేసేటప్పుడు సూది తొడుగు తీయలేదు. తర్వాత తొడుగు తీసేస్తే దాని బరువంతా ముందువైపు తగ్గిపోయింది. డిజిటల్ త్రాసు మీద పెడితే 1.5 గ్రాములే! సూదిని పట్టుకుని ఉండే నా కార్ట్రిడ్జ్‌కి తయారీదారు చెప్పింది 1.8 నుంచి 2.2. బరువు తక్కువైతే రికార్డుకు మంచిదనుకునేవాణ్ణి. నిజానికి సూది గాడిని సరిగా పట్టుకోలేక అటూ ఇటూ కొట్టుకుని గోడల్ని పాడుచేస్తుంది.

2.0కి పెట్టాక సగం నయమైంది. కార్ట్రిడ్జ్ సరైన చోట ఉందో లేదో చూసుకునే గీతల అట్ట, ప్రొట్రాక్టర్, పెట్టి చూస్తే అది 2 మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. స్క్రూలు వదులు చేసి ముందుకు జరిపాను. మధ్య నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గరున్న రెండు చుక్కల్లోనూ కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా వచ్చేదాకా గంటసేపు కుస్తీ పట్టాను. ఒక చుక్కలో కుదిరితే రెండోదాంట్లో తప్పేది. జరిపాక బరువు మళ్లీ తూచాలి, నాకు కాస్త పెరిగింది.

ఇప్పుడు చివరి పాట శుభ్రంగా ఉంది. ఎక్కువసార్లు వేసిన ఒక్క రికార్డు మాత్రం అక్కడే గరగరమంటోంది. కొత్త రికార్డులో రావట్లేదు కాబట్టి ఆ గాడి అరిగిపోయినట్టే.