చర్చ: ఇంగ్లిష్ అద్దె అగ్రిమెంట్ స్కాన్‌ను బావకు అర్థమయ్యేలా టేబుల్‌గా ఎలా రాయాలి?

కిరణ్_హనుమకొండ
మా బావ సెల్‌ఫోన్ రిపేర్ షాపు కోసం ఒక మడిగె మాట్లాడుకున్నాడు. నెలకు 14,000 అద్దె, 84,000 అడ్వాన్స్, 11 నెలలు. అగ్రిమెంట్ ఇంగ్లిష్‌లో ఉంది. ఓనర్ దాన్ని ఫోన్‌లో ఫొటోలు తీసి, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపాడు. బావకు తెలుగు బాగా వచ్చు, ఇంగ్లిష్ రాదు, కోర్టు భాష అసలే రాదు. సంతకం పెట్టేలోపు ఒక్కో క్లాజుకు ఒక వరుస చొప్పున టేబుల్ రాసి ఇద్దామనుకున్నా. ఇప్పటిదాకా రాసింది ఇది. ఇంకా ఏ కాలమ్ పెట్టాలి?

| క్లాజు | ఏముంది |
|---|---|
| 1 | 11 నెలలు |
| 2 | అద్దె ప్రతి నెలా 5వ తేదీలోపు |
| 3 | అడ్వాన్స్ 84,000, వడ్డీ లేదు, బాకీలు కోసుకుని వాపస్ |
| 4 | కరెంటు బిల్లు మనదే |
| 7 | వేరేవాళ్లకు అద్దెకు ఇవ్వకూడదు |
| 9 | ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె కోత |
| 13 | ఖాళీ చేయాలంటే రెండు నెలల నోటీసు |
| 14 | ఓనర్ ఒక నెల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు |

8, 10, 11, 12 మామూలువే అని వదిలేశా.

గచ్చిబౌలి_బ్యాచిలర్
9వ క్లాజు చూడగానే రక్తం మరిగింది. మా ఓనర్ కూడా ఇలాగే ఒక నెల అద్దె కోశాడు. గోడకు ఒక్క మేకు కూడా కొట్టలేదు నేను. తర్వాత వచ్చినవాళ్లను అడిగితే పెయింటే వేయలేదట, మా పాత రంగే ఉందట! ఈ పెయింటింగ్ దోపిడీ మీద ఎవరికైనా కంప్లయింట్ చేయవచ్చా?

శ్రీలత_విజయవాడ
దోపిడీ అంటారేంటండీ. మా పోర్షన్ పిల్లలు ఖాళీ చేశాక వంటగది గోడ మీద నూనె మరకలకు ప్రైమర్ రెండు కోట్లు వేయించాం. సంతకం పెట్టేటప్పుడు ఉన్న క్లాజే కదా, అప్పుడు చదవకుండా ఇప్పుడు ఏడిస్తే ఎలా?

గచ్చిబౌలి_బ్యాచిలర్
ఏడవడం లేదు మేడమ్, లెక్క అడుగుతున్నా. పెయింట్ వేయనప్పుడు పెయింట్ డబ్బు ఎందుకు?

పాత_దస్తావేజు
కిరణ్ బాబూ, కాలమ్‌ల సంగతి తర్వాత. 4 తర్వాత నేరుగా 7కి వెళ్లావు. 8, 10, 11, 12 వదిలేశానని చెప్పావు కానీ 5, 6 ఊసే లేదు. అవి అగ్రిమెంట్‌లో లేవా, నీ పీడీఎఫ్‌లో లేవా? ఇరవై ఏళ్లకు పైగా రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసినవాణ్ణి. స్టాంప్ పేపరు వెనకవైపు కూడా టైపు చేస్తారు, ఫొటో తీసేవాళ్లు మాత్రం ముందువైపే తీస్తారు. టేబుల్ మొదలుపెట్టే ముందు క్లాజు నంబర్లు వరుసగా ఉన్నాయా, ఒక పేజీ చివరి వాక్యం తర్వాతి పేజీలో అతుకుతోందా అని చూసుకోవాలి. మామూలువే అనుకున్న క్లాజులకూ తలా ఒక వరుస ఉండాలి. లేకపోతే వదిలేసింది ఏదో, దొరకనిది ఏదో చదివేవాడికి తెలియదు.

ఓసీఆర్_రాజు
టైపు చేయడం దేనికి గురూ, పది నిమిషాల పని. మా ఆఫీసులో ఇలాంటివి కట్టలు కట్టలు చేశా.

```
pdftoppm -r 300 -png agreement.pdf page
tesseract page-1.png page-1 -l eng --psm 6
```

మొదటిది పీడీఎఫ్ పేజీలను బొమ్మలుగా మారుస్తుంది, రెండోది ఒక్కో బొమ్మలోంచి అక్షరాలు తీస్తుంది. పేజీలు పది లేదా అంతకు మించి ఉంటే ఫైలు పేరు `page-01.png` అని వస్తుంది, అంతే తేడా. టెక్స్ట్ వచ్చాక కాపీ చేసి టేబుల్‌లో పెట్టుకోవడమే.

పాత_దస్తావేజు
రాజు గారూ, మీ పది నిమిషాల పనిలో 14,000/- కాస్తా 14,0001 అయితే? చివర ఉండే ఆ గీతను ఒకటి అనుకోవడం నేను చాలాసార్లు చూశాను. స్టాంప్ పేపరు డిజైను మీద, రబ్బరు ముద్ర కింద ఉన్న అక్షరాలైతే చెప్పక్కర్లేదు.

ఓసీఆర్_రాజు
అది స్కాన్ నాణ్యత సమస్య, టూల్ తప్పు కాదు. ఫోన్ ఫొటోలు కాకుండా స్కానర్‌లో స్కాన్ చేసి పంపమనండి, చాలా తప్పులు పోతాయి. అంకెలు మళ్లీ చూసుకోమని నేనూ అంటాను. పక్కనే అక్షరాల్లో రాసి ఉంటుంది కదా, దాంతో పోల్చుకోండి.

టెక్సస్_తెలుగోడు
ఇక్కడ టెక్సస్‌లో ఇల్లు ఖాళీ చేసి కొత్త అడ్రసు రాసిచ్చాక 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కి ఇవ్వాలని చట్టమే ఉంది. మన దగ్గర రెండు నెలలకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని కొత్త చట్టం వచ్చింది కదా. ఆరు నెలలు ఎలా తీసుకున్నాడు మీ ఓనర్? ముందు అది అడగండి.

అడ్వకేట్_జూనియర్
మీరు చెప్పేది 2021 నాటి నమూనా అద్దె చట్టం. అది కేంద్రం ఇచ్చిన నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. పైగా రెండు నెలల పరిమితి అందులో నివాసానికి. షాపుల్లాంటి వాటికి ఆరు నెలలు. కాబట్టి 84,000 మీద గొడవ వద్దు. ఇంకో మాట, 11 నెలలే కాబట్టి రిజిస్ట్రేషన్ టెన్షన్ కూడా లేదు, నోటరీ చాలు.

పాత_దస్తావేజు
మొదటి మాట ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. ఏడాదికి మించితేనే రిజిస్ట్రేషన్ అనేది 1908 చట్టం 17వ సెక్షన్‌లోని అసలు మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దాన్ని సవరించి స్థిరాస్తి లీజులన్నీ రిజిస్టర్ కావాలన్నారు. 11 నెలల చిట్కా ఢిల్లీ, ముంబయి వెబ్‌సైట్లు చూసి మనవాళ్లు పట్టుకున్నది.

అడ్వకేట్_జూనియర్
సర్, మా సీనియర్ దగ్గర రోజూ 11 నెలల అగ్రిమెంట్లే వస్తాయి. ఎవరూ రిజిస్టర్ చేయరు.

పాత_దస్తావేజు
ఎవరూ హెల్మెట్ పెట్టుకోకపోతే రూల్ లేనట్టా? మీ సీనియర్‌నే అడుగు, 49వ సెక్షన్ కింద ఆ కాగితం కోర్టులో దేనికి పనికొస్తుందో.

అడ్వకేట్_జూనియర్
అడిగాను. సవరణ ఉందన్నారు. రిజిస్టర్ కాని లీజును షరతులు నిరూపించడానికి చూడరు గానీ, ఎవరి స్వాధీనంలో ఉంది లాంటి పక్క విషయాలకు చూడవచ్చన్నారు. స్టాంపు డ్యూటీ తక్కువైతే ముందు అది పెనాల్టీతో కట్టాలట. కానీ సర్, అప్పుడు ఓనర్ పెట్టిన కోతలు కూడా కోర్టులో నిలవవు కదా?

శ్రీలత_విజయవాడ
అలా అని అద్దెకుండేవాళ్లకు నేర్పించండి ఇంకా! అడ్వాన్స్ ఓనర్ చేతిలో ఉంటుంది బాబూ. కోర్టుకు వెళ్లాల్సింది ఎవరు?

గచ్చిబౌలి_బ్యాచిలర్
మొదటిసారి మేడమ్ నిజం మాట్లాడారు.

కిరణ్_హనుమకొండ
ఓనర్‌ను అడిగి వెనకవైపు తెప్పించా. 5: మళ్లీ 11 నెలలకు పొడిగించడం ఓనర్ ఇష్టం, అద్దె 10 శాతం పెరుగుతుంది. 6: ఆరు నెలల లాకిన్, మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె కట్టాలి. 5లో 10 మీద పెన్నుతో 15 అని దిద్ది ఉంది, పక్కన ఎవరి సంతకమూ లేదు. రాజు గారి కమాండ్‌తో చేస్తే ఆ అంకె 10గానే వచ్చింది, దిద్దిన గీత ఎక్కడా కనపడలేదు.

పాత_దస్తావేజు
చూశావా. ఇప్పుడు కాలమ్‌ల సంగతి చెబుతాను. నీ టేబుల్‌లో పెద్ద లోపం, ఎవరి మీద బరువు ఉందో కనపడకపోవడం. 6వ క్లాజు అద్దెకున్నవాణ్ణే కట్టేస్తోంది, ఓనర్‌ను కాదు. 14 ప్రకారం ఆయన ఒక నెల నోటీసుతో లాకిన్ మధ్యలో కూడా పంపించవచ్చు. క్లాజుల వరుసలో చదివితే ఇది తెలియదు, ఆరుకూ పద్నాలుగుకూ మధ్య పేజీలు ఉంటాయి. అందుకే "ఎవరు చేయాలి", "ఏ క్లాజుతో కలిపి చదవాలి" అని రెండు కాలమ్‌లు పెట్టు. ఒకే క్లాజులో రెండు బాధ్యతలుంటే రెండు వరుసలు చెయ్యి, అ, ఆ అని. పేజీ నంబరు కూడా వెయ్యి, బావ ఓనర్ ముందు కూర్చున్నప్పుడు కాగితంలో వేలు పెట్టి చూపించాలి కదా. ఇలా ఉంటుంది:

| క్లాజు, పేజీ | తెలుగులో | ఎవరు చేయాలి | కలిపి చదవాల్సినవి | అడగాల్సింది |
|---|---|---|---|---|
| 3, పే. 1 | అడ్వాన్స్ 84,000 వాపస్, వడ్డీ లేదు | ఓనర్ | 6, 9 | ఎన్ని రోజుల్లో? రాయలేదు |
| 6, పే. 2 వెనక | ఆరు నెలలు ఖాళీ చేయకూడదు, చేస్తే మిగిలిన నెలల అద్దె | బావ | 13, 14 | ఓనర్‌కు లాకిన్ ఎందుకు లేదు? |
| 13, పే. 4 | ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు నోటీసు | బావ | 6 | లాకిన్‌లోనే నోటీసు ఇవ్వవచ్చా? |

"తెలుగులో" కాలమ్‌లో నీ అభిప్రాయం రాయకు. కాగితంలో ఏముందో ఒకచోట, నీ అనుమానం ఒకచోట. రెండూ కలిపితే బావ నీ మాటను అగ్రిమెంట్ మాట అనుకుంటాడు.

కిరణ్_హనుమకొండ
నాలుగు నెలలకే షాపు నడవక ఖాళీ చేస్తే ఎంత పోతుందని బావ అడుగుతున్నాడు. క్లాజు 6తో 28,000, పెయింటింగ్ 14,000. 84,000లో 42,000 వెనక్కి వస్తాయి. సరేనా?

అడ్వకేట్_జూనియర్
నోటీసు లెక్కేది? నోటీసు ఇవ్వకుండా వెళ్తే 13 కింద ఇంకో రెండు నెలలు, 28,000 అడుగుతారు. అప్పుడు చేతికి వచ్చేది 14,000.

పాత_దస్తావేజు
ఆ రెండు నెలలే రెండు పేర్లతో రెండుసార్లు ఎలా కోస్తారు? నాలుగో నెలాఖరుకు నోటీసు ఇచ్చి, రెండు నెలలు అద్దె కట్టి, ఆరో నెలాఖరుకు తాళం ఇస్తే లాకిన్‌కూ నోటీసుకూ రెంటికీ సరిపోతుంది.

అడ్వకేట్_జూనియర్
మీరు న్యాయం చెబుతున్నారు సర్, నేను కాగితం చెబుతున్నా. రెండూ కలుస్తాయని అందులో ఎక్కడా లేదు.

కిరణ్_హనుమకొండ
మరి టేబుల్‌లో 42,000 రాయనా, 14,000 రాయనా?

పాత_దస్తావేజు
రెండూ రాయి, తేడా ఎందుకొచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పు. సంతకానికి ముందు ఓనర్‌తో తేల్చుకుని 13 కింద ఒక లైను టైపు చేయించండి.

శ్రీలత_విజయవాడ
ఇన్ని ప్రశ్నలతో వస్తే నేనైతే మడిగె వేరేవాళ్లకు ఇస్తా. నాలుగు ముఖ్యమైనవి అడగండి చాలు.

ఓసీఆర్_రాజు
ఆ దిద్దిన 10, 15 ఉన్న పేజీ క్రాప్ చేసి ఇక్కడ పెట్టండి, పేర్లు చెరిపేసి. వేరే సెట్టింగ్‌తో ప్రయత్నిస్తా.

కిరణ్_హనుమకొండ
సెట్టింగ్ కాదు రాజు గారూ, ఓనర్ ఏ అంకె అంటాడో తెలియాలి. రేపు బావ వెళ్తున్నాడు. 10 అంటే కొట్టేసి కొత్త పేజీ వేయించమన్నా. 15 అంటే నెలకు 700 తేడా, అప్పుడు ఏమంటాడో చూడాలి.

గచ్చిబౌలి_బ్యాచిలర్
వెళ్లేటప్పుడు 9లో "పెయింట్ వేసిన బిల్లు చూపిస్తేనే" అని కూడా రాయించమనండి. నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.