అట్టపెట్టెల కొటేషన్ తగ్గించమని అడగాలి: పక్కవాళ్ళ రేటు చూపించాలా, వద్దా?

ఆవకాయమ్మ (గుంటూరు): 12 అరకిలో గాజు సీసాలు పట్టే, అయిదు పొరల ఫైవ్ ప్లై బాక్సులు నాలుగేళ్ళుగా ఒకాయన దగ్గరే కొంటున్నాను. పోయినసారి 27.50. ఈసారి 2000 బాక్సులకు ఒక్కోటి 31, పన్ను వేరే అన్నారు. కొత్తవాళ్ళు 27కే ఇస్తామంటున్నారు. ఆ కాగితం ఆయనకు చూపించి తగ్గించమంటే బాగుంటుందా? ఆయన చెడ్డవారు కాదు, సంక్రాంతి ముందు అర్ధరాత్రి కూడా సరుకు పంపిన మనిషి.

బేరంరాజు: ఇందులో ఆలోచించేదేముందండీ, వాట్సాప్‌లో ఫొటో పెట్టేయండి. గంటలో దిగొస్తాడు. పనిలో పనిగా 90 రోజుల అప్పు కూడా అడగండి.

స్టోర్స్ తాత: అమ్మా, ముందు రెండు బాక్సులూ తూకం వేశావా? అట్టపెట్టెకి ధర ముక్కలెక్కన రాస్తారు గానీ మిల్లువాడికి లెక్కంతా కిలోల్లోనే. పాత బాక్సు, కొత్తవాళ్ళ శాంపిలు నీ పచ్చళ్ళ కాటా మీద పెట్టి బరువు చెప్పు. అప్పటిదాకా ఎవరికీ ఏదీ చూపించకు.

రాజుగారూ, ఆ మిల్లు చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే 45 రోజులు దాటాక వడ్డీ పడుతుంది. ఈవిడ కూడా గడువు దాటిన ఆ డబ్బును ఆ ఏడాది ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపడానికి వీల్లేదు, కట్టిన ఏడాదే చూపాలి. 90 రోజుల సలహా మటుకు వెనక్కి తీసుకోండి.

పెళ్ళిపెద్ద: మా అమ్మాయి పెళ్ళికి షామియానా అతన్ని ఇలాగే అడిగాను. వెంటనే అయిదు వేలు తగ్గించాడు. పెళ్ళిరోజు చూస్తే కుర్చీలకు కవర్లు లేవు!

ఆవకాయమ్మ: తూచాను తాతగారూ. పాతది 400 గ్రాములు, శాంపిలు 340. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి!

స్టోర్స్ తాత: చూశావా. 31ని 400 గ్రాములతో లెక్కేస్తే కిలో 77.50. 27ని 340తో లెక్కేస్తే కిలో 79 పైన. చవకన్నదే ప్రియం. ఆ కాగితం చూపించి ఉంటే ఆయన ఒక్క మాటన్నా అనకుండా 340 గ్రాముల బాక్సే పంపి 27 తీసుకునేవాడు. లారీలో సీసాలు పగిలాక గానీ నీకు తెలిసేది కాదు.

ఇప్పుడు అడగాల్సింది వేరు. బాక్సులో సీసా మూత పైన ఎంత ఖాళీ ఉంది?

ఆవకాయమ్మ: రెండు సెంటీమీటర్లు. పాత సీసాలు పొడుగు, పోయినేడాది మార్చాం. పోనీ త్రీ ప్లైకి దిగమంటారా?

స్టోర్స్ తాత: వద్దు. గాజు సీసాలు కాబట్టి దొంతి పేరిస్తే పైబరువు సీసాలే మోస్తాయి, నిజమే. కానీ పార్సిల్ ఆఫీసులో విసిరితే కాపాడేది అట్టే. ఎత్తు తగ్గించు చాలు. మామూలు ఫ్లాపుల బాక్సు కాబట్టి అట్ట కోసే అచ్చు, అదే డై, కొత్తది అక్కర్లేదు. ఇలా రాయి:

"అన్నగారూ, కొటేషన్ అందింది. పేపర్ రేటు పెరిగిందని తెలుసు. మా సీసా మారింది కాబట్టి బాక్సు ఎత్తు 15 నుంచి 13 సెంటీమీటర్లు చేయొచ్చు, పేపర్ అదే ఉంచండి. రెండు రంగుల ప్రింటు ఒక రంగు చేసినా ఫర్వాలేదు. 45 రోజులకు బదులు సరుకు దిగిన రోజే డబ్బు వేస్తాను. ఈ మూడింటికీ విడివిడిగా ఎంత తగ్గుతుందో చెప్పండి. నాకు 28.50 దగ్గర పడితే పచ్చడి రేటు పెంచకుండా నెట్టుకొస్తాను. కుదరకపోతే అదీ చెప్పండి."

ఆ ఆఖరి వాక్యం తీసెయ్యకు. కాదనే దారి ఉంటేనే మనిషి ఉన్నదున్నట్టు చెబుతాడు.

మిల్లు మనిషి: నాది కూడా బాక్సుల యూనిట్టే, ఇంకో జిల్లా. తాతగారి మాటతో సగం ఏకీభవిస్తాను. కస్టమరు వేరేవాళ్ళ కాగితం చూపిస్తే నాకు కోపం రాదు. పేరు కొట్టేసి, బరువు, పేపర్ చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పే జీఎస్ఎమ్ కనిపించేలా చూపిస్తే నాకే మేలు, ఎక్కడ తేడా ఉందో చెప్పగలను. రేటు ఒక్కటే చూపిస్తే మాత్రం మనసు విరుగుతుంది. ఇంకోటి, పేపర్ రేటు దిగితే మళ్ళీ మాట్లాడుకుందామని ఇప్పుడే రాయించుకోండి. పెరిగినప్పుడు మేం ఫోన్ చేస్తాం, దిగినప్పుడు మాకూ మతిమరుపే.

స్టోర్స్ తాత: పేరు కొట్టేసినా మన ఊళ్ళో ఎవరి లెటర్‌హెడ్డో పోల్చుకోలేరా? నేను చూపించను.

ఆవకాయమ్మ: జవాబొచ్చింది. ఎత్తుకు 1.20, వెంటనే డబ్బుకు 60 పైసలు, ఒక రంగుకు 70 పైసలు తగ్గిస్తారట. అంటే మూడూ ఒప్పుకుంటే సరిగ్గా 28.50. "చెల్లెమ్మా, సీసా మారిందని పోయినేడాదే చెప్పొద్దా" అని చీవాట్లు కూడా పెట్టారు. ఒక రంగు దగ్గరే ఆగింది. ఆకుపచ్చ మామిడాకు లేకపోతే మా బాక్సని ఎవరు గుర్తుపడతారంటున్నారు మావారు. ప్రస్తుతానికి 29.20.

బేరంరాజు: ఫొటో పెట్టుంటే 28కి వచ్చేది.

పెళ్ళిపెద్ద: కుర్చీ కవర్లు లేకుండా.