బాస్‌ని సీసీలో పెట్టి పంపే మెయిల్‌ని పితూరీ అనొచ్చా?

సుధ: పక్క టీమ్ ఆయన నిన్న నాకు మెయిల్ పంపుతూ మా మేనేజర్‌ని సీసీలో పెట్టాడు. "సోమవారం నుంచి అడుగుతున్నా, రిపోర్టు ఇంకా రాలేదు" అట! జూన్ డేటా వాళ్లే ఇవ్వలేదు. మంగళవారం మెయిల్‌లో అడిగాను కూడా. దీన్ని పితూరీ అనొచ్చా? జవాబు ఎలా రాయాలి?

రాజు: పితూరీ అంటే తిరుగుబాటు కదండీ. 1879లో రంప పితూరీ.

శేషగిరి: చరిత్ర పుస్తకాల్లో అంతే. మన ఇళ్లలో మాత్రం పైవాళ్లకు చాడీలు చెప్పడాన్ని కూడా పితూరీ అంటాం. అయితే అది మనకు తెలియకుండా చెప్పేది. సీసీ అలా కాదు, మనం చూడాలనే పెడతారు. నాకైతే పూర్తిగా అతకలేదు.

వెంకటేశ్వర్లు: మా సర్కారు ఆఫీసులో ఉత్తరం చివర "నకలు ఫలానా వారికి సమాచార నిమిత్తం సమర్పించడమైనది" అని ఉండేది. ఆ ఒక్క లైను కోసమే ఉత్తరం రాసిన మహానుభావులున్నారు. నా మీద అలాంటిదొకటి వస్తే నాలుగు పేజీల సంజాయిషీ ఇచ్చాను. పై అధికారి మొదటి పేరా దాటలేదు.

మాధవి: అదే అసలు సంగతి. సుధ గారూ, ముందు మీ మేనేజర్‌కి ఒక్క నిమిషం ఫోన్ చేసి విషయం చెప్పండి. తర్వాత అదే మెయిల్‌కి రిప్లై ఆల్ కొట్టండి. ఆయన్ని తీసేస్తే ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. ఇంతే రాయండి: "రిపోర్టుకి జూన్ డేటా కావాలి. దాని కోసం మంగళవారం పంపిన మెయిల్ కింద జత చేశాను. ఈరోజు డేటా అందితే శుక్రవారం మధ్యాహ్నానికి రిపోర్టు పంపుతాను." "మీరు ఇవ్వలేదు" అనొద్దు, తేదీ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. "మా సార్‌ని ఎందుకు కలిపారు" అని అస్సలు అడగొద్దు. అడిగితే రిపోర్టు సంగతి పోయి తగవు మిగులుతుంది.

రాజు: వాళ్ల బాస్‌ని కూడా కలిపితే లెక్క సరి!

మాధవి: అప్పుడు ఇద్దరు బాసులూ మీ తగవు తీర్చాలి. వాళ్లకి చిరాకు, మీకు చెడ్డపేరు. మొదటిసారికి వద్దు.

రాజు: ప్రతిసారీ ఇదే చేస్తుంటే?

మాధవి: ముందు అతనికే ఫోన్ చేసి, "ఏదైనా ఆలస్యమైతే నాకే చెప్పండి" అనండి. అప్పటికీ మానకపోతే... ఏమో, మేనేజర్ని బట్టి ఉంటుంది.

లావణ్య: నేనూ మా టీమ్‌లో ఒకరి మీద కంప్లయింట్ పెట్టాలి. బీసీసీలో బాస్‌ని పెడితే మంచిదా?

శేషగిరి: అమ్మా, సుధ గారు అడిగింది జవాబు గురించి. పైగా మీ బాస్ మరిచిపోయి రిప్లై ఆల్ కొడితే గుట్టంతా బయటపడుతుంది. అదైతే మాత్రం అచ్చమైన పితూరీ.