నవలలో కత్తి దొరికిన సీను: లాయర్లు నమ్ముతారా?

నా నవలలో హత్య కేసు 2019లో రాజమండ్రి సెషన్స్ కోర్టులో నడుస్తుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది అప్పటి ఎవిడెన్స్ యాక్ట్ 25వ సెక్షన్ ప్రకారం చెల్లదు కాబట్టి 27వ సెక్షన్ వాడుకున్నాను. "కత్తి పాడుబావిలో పడేశాను" అని ముద్దాయి చెబుతాడు. సీఐ అతన్ని తీసుకెళ్లి, వీఆర్వో ఎదుట పంచనామా రాయించి కత్తి బయటికి తీయిస్తాడు. "దాంతోనే చంపాను" అన్న ముక్కను మాత్రం జడ్జి పక్కన పెడతారు.

తీరా క్రాస్‌లో వీఆర్వో, "బావి దగ్గరికి నేను వెళ్లలేదు, స్టేషన్‌లోనే సంతకం పెట్టాను" అని అడ్డం తిరుగుతాడు. కథకు ప్రాణం ఈ సీనే.

ఆ తర్వాత కూడా సీఐ సాక్ష్యం ఒక్కటే నమ్మి, కత్తి అక్కడే దొరికిందని జడ్జి అంగీకరిస్తే మీకు సహజంగా అనిపిస్తుందా? కత్తి మీది రక్తం హతుడిదేనని ల్యాబ్ రిపోర్టు కూడా చూపించాలా? క్రిమినల్ కేసులు వాదించినవాళ్లు దయచేసి చెప్పండి, చదువుతూ ఎక్కడ "ఇలా జరగదు" అనుకుంటారు?