చెంత ముక్కా, సొంత ముక్కా?

చిక్కడపల్లి: లంబకోణ త్రిభుజంలో కర్ణం మీదికి లంబం దించితే వచ్చే గుణమధ్యమాల మీద ఒక ఆటవెలది ఉండేది. నాకు మిగిలింది ఒక్క సరి పాదం: "చిన్న భుజముకైన చెంత ముక్క". మిగతా పాదాలు ఎవరికైనా గుర్తున్నాయా?

నాగోలు: చెంత కాదండీ, "సొంత ముక్క".

నల్లకుంట పంతులు: యతి చూడండి. చకార సకారాలకు మైత్రి ఉంది, హల్లుతో పేచీ లేదు. కానీ "చి"లోని ఇకారానికి ఎకారం పొసుగుతుంది, ఒకారం పొసగదు. కాబట్టి చెంతే.

నాగోలు: అయితే మొదటి మాట కూడా చిన్న కాదు. "చూడ భుజముకైన సొంత ముక్క". చూ-సొ. ఇప్పుడేమంటారు?

నల్లకుంట పంతులు: ఊకార ఒకారాలకు మైత్రి కుదిరింది, గణాలూ తప్పలేదు. అంటే యతి ఇద్దరికీ సాక్ష్యం చెబుతోంది. అసలు "భుజముకైన" ఏమిటండీ, "భుజమునకైన" అనాలి కదా! రాసినవాడు గణం కోసం వ్యాకరణాన్ని నొక్కేశాడు.

బర్కత్‌పుర: ఇది పావులూరి మల్లన పద్యమేమో? మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు ఆయనే కదా.

నల్లకుంట పంతులు: "ముక్క" అనేస్తాడా మల్లన? లంబం భూమిని కోసిన భాగాలకు భాస్కరుడు ఆబాధ అన్నాడు. ఇదెవరో బడిపంతులు అల్లుకున్నట్టుంది. అయినా మల్లన గురించి విడిగా మాట్లాడుకోవాలి. లెక్కను పద్యంలో ఇమిడ్చి, లెక్క చెడకుండా, పద్యం కుంటకుండా నడపడం మాటలా?

కూకట్‌పల్లి: గుణమధ్యమం అంటే సగటేగా? ముక్కలు 9, 16 అయితే లంబం పన్నెండున్నర. మా అమ్మాయి వర్క్‌షీట్‌లో 12 అని ఉంది, అచ్చు తప్పా?

రామంతాపూర్: తప్పు లేదండీ. కూడి సగం చేస్తే వచ్చేది కర్ణంలో సగం, 12.5. లంబం మాత్రం ముక్కల లబ్ధానికి వర్గమూలం: 9 × 16 = 144, అంటే 12. కర్ణాన్ని వ్యాసంగా వృత్తం గీస్తే లంబకోణ శీర్షం దాని మీదే పడుతుంది. అందుకే లంబం ఎప్పుడూ వ్యాసార్ధాన్ని మించదు. ముక్కలు రెండూ సమానమైనప్పుడే దానికి సరిగ్గా అంత అవుతుంది. లెక్కలో లంబం కర్ణంలో సగం కంటే ఎక్కువ వచ్చిందంటే, ఎక్కడో దారి తప్పినట్టే.

నాగోలు: లంబం సంగతి సరే. భుజానికి సొంత ముక్క ఏది? నా లెక్కన ఎదురుగా ఉన్నది.

రామంతాపూర్: ఆ అర్థంతో ఒక లెక్క చేసి చూద్దాం. C దగ్గర లంబకోణం, AB కర్ణం, దాని మీదికి CD లంబం. AD = 9, BC = 20. CD ఎంత?

మీరన్నట్టు BCకి ఎదురు ముక్క AD. అప్పుడు 400 = 9 × AB, కాబట్టి AB సుమారు 44.4, అందులోంచి 9 తీస్తే BD 35.4. కానీ BCD కూడా లంబకోణ త్రిభుజమే, అందులో కర్ణం BC, అంటే 20. భుజం BD దానికంటే పెద్దది ఎలా అవుతుంది? అక్కడే దొరికిపోతాం.

BCD, ABC రెండింటికీ B కోణం ఉమ్మడి. రెండింటిలోనూ ఒక లంబకోణం ఉంది కనుక అవి సరూపాలు. అందులోంచి BC² = AB × BD. B దగ్గర BCని తాకేది BD, కనుక ముక్క అదే. BD = x అనుకుంటే AB = x + 9.

x(x + 9) = 400
x² + 9x − 400 = 0
(x − 16)(x + 25) = 0

పొడవు కాబట్టి x = 16. CD² = 9 × 16, CD = 12. సరిచూడాలంటే AC² = 25 × 9 = 225, AC = 15. 15, 20, 25 పైథాగరస్‌కు సరిపోయాయి. పక్కన పారేసిన −25 చూశారా, గుర్తు తీసేస్తే అదే కర్ణం. ఇలాంటి లెక్కల్లో రెండో మూలం ఎప్పుడూ అలాగే వస్తుంది.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇంకొకటి: 9x = 400 అని రాయడం. ముక్కను ముక్కతో గుణిస్తే వచ్చేది లంబం వర్గం. భుజం వర్గం కావాలంటే ముక్కను మొత్తం కర్ణంతో గుణించాలి.

చిక్కడపల్లి: అంటే తాకే ముక్క కాబట్టి "చెంత".

నాగోలు: తాకితే సొంతం కాదా? అర్థం మారలేదు, అక్షరం మారింది. నేను సొంత అనే అంటాను.

బర్కత్‌పుర: "చిన్న భుజముకైన" అంటే పెద్ద భుజానికి వేరే సూత్రమా?

రామంతాపూర్: లేదండీ, చిన్నదానికి "కూడా" అని. AC, BC రెండింటికీ ఒకటే సూత్రం, ఎవరి పక్క ముక్క వారికి. ఒక్కటే షరతు, C దగ్గర లంబకోణం ఉండాలి. అది లేని త్రిభుజంలో ఇది పెడితే లెక్క తప్పుతుంది.

నల్లకుంట పంతులు: "చూడ" అయితే ఆ అనుమానమే రాదు. నాగోలువారి పాఠానికి అదొక మార్కు. కానీ "చూడ" పాదపూరణానికి అతికించినట్టుంది. బేసి పాదాలు దొరికితే తప్ప తేలదు.

బర్కత్‌పుర: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత లెక్కల పుస్తకాలు వెతుకుతాను. మల్లన పద్యం కాదని మాత్రం ఇప్పుడే ఒప్పుకోను.