డివైడరు రోడ్డుకు ఊడ్చేవాళ్ళు ఎంతమంది కావాలి? యంత్రం వస్తే ఎంతమంది తగ్గుతారు?

లాంతర్ల వీధి
విజయనగరంలో మా వార్డు తరఫున ఒక అర్జీ రాస్తున్నాం. అందులో వీధులు ఊడ్చే ప్రణాళిక కూడా ఒక పేజీ పెట్టాలని ఉంది. మేము కొలిచింది ఇది: బజారు వీధులు 900 మీటర్లు, డివైడరు ఉన్న పెద్ద రోడ్డు 1.2 కిలోమీటర్లు, ఇళ్ళ వీధులు 3 కిలోమీటర్లు. మొత్తం 5.1 కిలోమీటర్లు కాబట్టి, మనిషికి అర కిలోమీటరు చొప్పున పది మంది చాలని లెక్క వేశాం. స్వీపింగ్ యంత్రం కూడా అడిగితే ఐదుగురితో సరిపోతుందా?

కోట కూడలి
యంత్రం ఉంటే ఐదుగురు కూడా ఎందుకండీ? అది గంటకు ఐదారు కిలోమీటర్లు ఊడుస్తుంది. మీ వార్డంతా ఒక గంట పని. పైగా చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, యంత్రం నీళ్ళు చల్లుతూ పీల్చేస్తుంది.

పాత మేస్త్రి
వేగం సంగతి నిజమే. కానీ ఏ పొడవును ఊడుస్తుందన్నది చూడాలి. నేను పాతికేళ్ళు బీట్లు, అంటే ఒక్కొక్కరు రోజూ ఊడ్చే వీధి వాటాలు, వేసినవాణ్ణి. రోడ్డు నడిమధ్యలో చెత్త ఉండదు. బండ్ల చక్రాల గాలికి ఇసుక, కాగితాలు అన్నీ అంచులకు చేరిపోతాయి. కాబట్టి మనం ఊడ్చేది అంచును. డివైడరు లేని వీధికి రెండు అంచులు, డివైడరు ఉంటే నాలుగు. మీ 1.2 కిలోమీటర్ల రోడ్డును అందుకే రెండు రోడ్లుగా, అంటే 2.4 కిలోమీటర్లుగా రాసుకోవాలి. మీ లెక్క తప్పింది అక్కడే.

ఇక మనిషికి అర కిలోమీటరు అన్నది అన్ని వీధులకూ ఒకటే కాదు. కేంద్ర ప్రభుత్వ ఘన వ్యర్థాల మాన్యువల్‌లో జనం కిక్కిరిసిన చోట మనిషికి 250 నుంచి 350 మీటర్లు, మధ్యస్థంగా ఉన్నచోట 400 నుంచి 600, పలచగా ఉన్నచోట 650 నుంచి 750 అని ఉంది. మీ బజారుకు 300 చొప్పున మూడు బీట్లు. పెద్ద రోడ్డుకు 500 చొప్పున అయిదు. ఇళ్ళ వీధులకు 750 చొప్పున నాలుగు. మొత్తం పన్నెండు బీట్లు.

లాంతర్ల వీధి
అంటే పన్నెండు మంది అని రాయాలా?

పాత మేస్త్రి
పన్నెండు బీట్లు వేరు, పన్నెండు మంది వేరు. మనిషికి వారానికి ఒక రోజు సెలవు ఉంటుంది. పన్నెండు బీట్లు ఏడు రోజులూ నడవాలంటే 84 పని దినాలు. ఒక్కొక్కరు ఆరు రోజులు చేస్తే 14 మంది కావాలి. జ్వరాలు, పెళ్ళిళ్ళు, ప్రసవాలు కలుపుకుంటే 15 లేదా 16 మంది. ఈ అదనపు వాళ్ళను రాయని ప్రణాళిక కాగితం మీదే బాగుంటుంది. ఎవరైనా రాకపోతే మేస్త్రి పక్క బీటు మనిషిని పంపుతాడు. అప్పుడు రెండు బీట్లూ సగం సగం ఊడ్చినట్టవుతాయి.

అంతమందిని ఇవ్వరనుకుంటే ఇళ్ళ వీధులను రోజు విడిచి రోజుకు మార్చండి. నాలుగు బీట్లు రెండవుతాయి. మొత్తం పది బీట్లకు 12 మంది, సెలవులకు ఒకరు కలిపి 13.

నెల్లిమర్ల
మా మిల్లు ఆవరణలో మనిషి కూర్చుని నడిపే చిన్న స్వీపింగ్ బండి ఉంది. నున్నటి సిమెంటు నేలను అద్దంలా ఊడుస్తుంది. గేటు బయట గులకరాళ్ళ మీదకు తీసుకెళ్తే వారంలోనే బ్రష్షు పోయింది. మీ ఇళ్ళ వీధుల్లో అంచున మట్టి ఉందా, సిమెంటు ఉందా?

లాంతర్ల వీధి
చాలాచోట్ల మట్టే. మధ్యలో సిమెంటు రోడ్డు, రెండు వైపులా అడుగు వెడల్పున మట్టి, ఆ పక్కన మురుగు కాలువ.

పాత మేస్త్రి
అయితే ఆ వీధులకు పెద్ద యంత్రం ఆలోచనే వద్దు. అంచు మట్టినే పీల్చుకుని తొట్టి నింపుకుంటుంది, గుంత మిగులుతుంది. అంచున కెర్బు రాళ్ళు ఉన్న పెద్ద రోడ్డుకే అడగండి. నాలుగు అంచులు కాబట్టి యంత్రానికి 4.8 కిలోమీటర్లు, సుమారు గంట పని. నీళ్ళు పట్టడం, తొట్టి ఖాళీ చేయడం, రాకపోకలు పోను ఆరు గంటల షిఫ్టులో నాలుగు గంటలే అసలు ఊడ్పు అనుకున్నా, మీలాంటి రోడ్లు నాలుగు చేయగలదు. అందుకే ఒక్క వార్డు కోసం యంత్రం ఇవ్వరు. ఊరిలోని డివైడరు రోడ్లన్నిటినీ కలిపి ఒక రాత్రి మార్గం వేయమని అడగండి.

మనుషుల సంగతి: అయిదు బీట్లలో మూడు తగ్గించవచ్చు, రెండు ఉండాల్సిందే. ఫుట్‌పాత్, స్తంభాల వెనుక, బడ్డీల కింద, నిలిపి ఉన్న లారీల దగ్గర యంత్రం అందుకోదు. పగలు రాలే చెత్త సంగతి సరేసరి.

కంటోన్మెంట్ వాసి
మా ఇంటికి చెత్త బండి తొమ్మిది దాటాక వస్తోంది. దాని గురించి కూడా రాయండి.

లాంతర్ల వీధి
అది వేరే పేజీలో ఉందండీ.

కోట కూడలి
సరే, మనుషుల లెక్క ఒప్పుకుంటాను. దుమ్ము మాటేమిటి? జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద గాలి బాగుచేయాల్సిన ఊళ్ళ జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. దుమ్ము కోసమైనా యంత్రం మేలు కదా?

పాత మేస్త్రి
నీళ్ళు పడుతున్నంతసేపు మేలు. నేను పనిచేసిన పట్టణం పేరు చెప్పను. అక్కడ కొత్త యంత్రం వచ్చిన రెండు నెలలకే జనం గొడవ చేశారు. వెనకాల వెళ్ళి చూస్తే బ్రష్షు పక్కన ఉండే నీటి నాజిళ్ళు మూసుకుపోయాయి. చెరువు నీళ్ళను వడకట్టకుండా పోశారు. పొడి బ్రష్షు తిరిగితే పది చీపుళ్ళు లేపేంత దుమ్ము ఒక్కసారే లేస్తుంది. డ్రైవరు దానికి మందుగా నీళ్ళు ఎక్కువ వదిలాడు. అప్పుడు ఇసుక ముద్దై పీల్చే గొట్టంలో అంటుకుంది, మిగిలింది రోడ్డు మీద పూతలా పరుచుకుని మధ్యాహ్నం ఎండకు మళ్ళీ లేచింది. రోడ్డు తడిసీ తడవనట్టు ఉండాలి.

మీరు కనిపెట్టాలంటే మూడు చూడండి. యంత్రం వెళ్ళాక వీధి దీపం వెలుగులో వెనుక పొగలా కనిపిస్తోందా? అంచున సన్నటి ఇసుక గీత మిగిలిందా? మిగిలితే బ్రష్షు అరిగింది, లేదా నేలకు తగలడం లేదు. మూడోది, తొట్టిలోంచి దించిన మట్టి బరువు. కిలోమీటర్లు మాత్రమే రాసి బరువు రాయని లాగ్‌బుక్కును నమ్మకండి. బ్రష్షు ఎత్తుకుని తిరిగినా కిలోమీటర్లు పెరుగుతాయి.

నెల్లిమర్ల
చీపురు దుమ్ముకు ఏమి చేసేవారు?

పాత మేస్త్రి
పొడవు కర్ర చీపురు, చిన్న విసురు, గాలి వాలుకు. తెల్లవారుజామున మంచు తేమ ఉండగానే బజారు పూర్తి చేయించేవాణ్ణి. కుప్ప చేసిన వెంటనే తోపుడు బండిలోకి ఎత్తాలి. ట్రాక్టరు వచ్చేవరకు కుప్పలు ఉంచితే ఎనిమిదింటికల్లా బస్సులే వాటిని మళ్ళీ పరుస్తాయి. కాలువలోకి తోసే అలవాటు ఇంకా చెడ్డది. ఆ ఇసుకే పూడికగా పైకి వచ్చి, గట్టు మీద ఎండి, మళ్ళీ రోడ్డెక్కుతుంది. మీ ఇళ్ళ వీధుల దుమ్ములో పెద్ద వాటా ఆ గట్టు పూడికదే అయి ఉంటుంది. దానిని నీరు ఓడిన వెంటనే ఎత్తించమని రాయండి.

బాలాజీ కూడలి
నేను మీలో కొందరితో ఏకీభవించను. రాత్రి యంత్రం వెంట ఇద్దరిని నడవమంటున్నారు. ఊడ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రాత్రి రెండింటికి లారీలు పోయే రోడ్డు మీద, ఒక మెరిసే జాకెట్ ఇచ్చి నిలబెడతారా?

పాత మేస్త్రి
ఆ ఇద్దరూ పగటి వాళ్ళేనండీ. యంత్రం రాత్రి, వాళ్ళు తెల్లవారాక. కానీ యంత్రానికి అడ్డంగా నిలిపిన బండ్లను రాత్రి ఎవరు తీయిస్తారన్నదానికి మా దగ్గరా దారి దొరకలేదు. వెనక ఎర్ర దీపం, కోన్లు పట్టుకుని ఒక సహాయకుడైతే ఉండాలి.

కోట కూడలి
సిరిమానోత్సవం మరునాడు ఎలా మరి? ఆ రోజు చెత్తకు ఏ బీటూ చాలదు.

పాత మేస్త్రి
ఆ రోజుకు బీట్లు ఉండవు, గ్యాంగులే. ముందు ఆకులు, చెప్పులు, కాగితాలు చేతితో ఏరాలి. తర్వాతే యంత్రాన్ని తేవాలి. ముందే తెస్తే మొదటి వంద మీటర్లలోనే గొట్టం పట్టేస్తుంది.

లాంతర్ల వీధి
ఆదివారం నేను, మరో ఇద్దరం టేపు పట్టుకుని పెద్ద రోడ్డు అంచులను మళ్ళీ కొలుస్తాం. కెర్బు లేనిచోట్లు, లారీలు నిలిపేచోట్లు విడిగా రాస్తాం. బడ్డీల ముందు భాగాన్ని అంచు కింద కలపాలా, వద్దా?

పాత మేస్త్రి
కలపండి. కానీ మనుషుల లెక్కలోనే, యంత్రం లెక్కలో వద్దు.